జీతాల రిజిస్టర్ ఫొటోను ఫ్రీ కన్వర్టర్‌ల పెడితే అది ఎక్కడికి పోతది? టెస్ట్ చేసి చూపిస్త

నమస్తే అందరికి. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లుల అకౌంట్లు రాసే అన్న పోయిన నెల నాకు ఫోన్ చేసిండు. జీతాల రిజిస్టర్‌ను ఎక్సెల్‌ల పెట్టి ఇయ్యమని ఓనరు అడిగిండట. చేతిల ఉన్నది ప్రింట్ తీసిన కాయితం, 23 మంది పేర్లు. అంతా టైప్ కొట్టుడెందుకని ఫోన్‌తోని ఫొటో తీసి, నెట్‌ల ముందుగాల కనిపించిన ఫ్రీ కన్వర్టర్‌ల పెట్టిండు. రెండు నిమిషాలల్ల ఎక్సెల్ చేతికొచ్చింది. రాత్రి పండుకున్నంక అనుమానం పట్టుకుంది. "తమ్మీ, ఆ ఫొటో ఇప్పుడు ఎక్కడున్నట్టు?" అని అడిగిండు. ఈ వీడియో ఆ ప్రశ్న కోసమే.

ముందుగాల ఆ కాయితంల ఏమున్నదో చూడాలె. పేరు, పీఎఫ్‌ల 12 అంకెల యూఏఎన్, బ్యాంక్ అకౌంట్ నంబర్, హాజరు రోజులు, జీతం, కటింగ్, ఆఖర్న రిమార్క్స్. నన్ను భయపెట్టింది ఆ రిమార్క్స్ గడి. ఒకాయన వరుసల "డయాలసిస్ అడ్వాన్స్, నెలకు 2,000 కటింగ్" అని ఉన్నది. జీతాల పట్టీ అనుకున్నది కాస్తా దవాఖాన కాయితం కూడ అయింది. అకౌంట్ నంబర్ బయటపడితే బ్యాంకుకు పోయి వేరే అకౌంట్ తెరుచుకోవచ్చు. జబ్బు సంగతి బయటపడితే మళ్ల లోపల పెట్టలేం. పైన మిల్లు పేరు, ఊరి పేరు కూడ ప్రింట్ అయి ఉన్నయి.

ఇగ టెస్ట్. అసలు రిజిస్టర్ నేను ముట్టలే. అట్లాంటిదే ఒకటి ఉత్త పేర్లతోని, ఉత్త నంబర్లతోని తయారు చేసుకున్న. మీరు కూడ ఏ కన్వర్టర్‌నైనా టెస్ట్ చేయాలంటే నిజం కాయితంతోని చేయొద్దు, ఇట్లనే చేయుండ్రి.

మొదటిది, పెద్ద బటన్లతోని కనిపించే మామూలు ఫ్రీ సైటు. పేరు చెప్తలేను, ఎందుకంటే ఈ తీరు సైట్లు శానా ఉన్నయి. లాప్‌టాప్‌ల క్రోమ్ తెరిచి F12 నొక్కి, Network అన్న చోటికి పోయిన. నా ఫైలు 2 ఎంబీ, అంటే సుమారు 21 లక్షల బైట్లు. కన్వర్ట్ నొక్కంగనే POST అని ఒక వరుస వచ్చింది. దాని మీద నొక్కి Headers ల, Request Headers కింద, మనం పంపినదాని సైజు చెప్పే Content-Length చూస్తే 21 లక్షల పైచిలుకు. అంటే ఫైలు మొత్తం వాళ్ల సర్వర్‌కు పోయింది. పక్కన Size అని ఒక కాలమ్ ఉంటది, దాన్ని చూసి మోసపోవద్దు. అది అటునుంచి మనకు వచ్చినదాని సైజు, మనం పంపినదాంది కాదు.

ఎక్సెల్ డౌన్‌లోడ్ చేసినంక ఆ డౌన్‌లోడ్ లింకును కాపీ కొట్టి, ఇంట్ల ఇంకో ఫోన్‌ల తెరిచిన. లాగిన్ అడగలే, పాస్‌వర్డ్ అడగలే, సక్కగ ఫైలు దిగింది. సైటు మీద "రెండు గంటలల్ల డిలీట్ చేస్తం" అని రాసి ఉన్నది. తెల్లారి పొద్దుగాల 8 గంటలకు చూసిన, లింకు ఇంకా పని చేస్తున్నది. ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. లింకు చచ్చిపోయినా ఫైలు పోయినట్టు కాదు. బ్యాకప్‌ల ఉన్నదా, ఎవరన్న తెరిచి చూసిండ్రా అన్నది మన దిక్కు నుంచి ఏ టెస్టూ చెప్పలేదు. 2025 మార్చిల అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు ఫ్రీ కన్వర్టర్ల మీదనే హెచ్చరిక ఇచ్చింది. కొన్ని వైరస్ ఎక్కిస్తున్నయని, మనం ఎక్కించిన ఫైళ్లల్ల నుంచి సొంత వివరాలు దొబ్బేసే వీలున్నదని చెప్పింది.

రెండోది, "మీ ఫైలు మీ కంప్యూటర్ దాటి పోదు" అని రాసుకున్న సైటు. ఇట్లాంటివి నిజంగనే ఉన్నయి, చదివే ప్రోగ్రామ్ మన బ్రౌజర్‌లనే నడుస్తది. మాట నిజమా కాదా తేల్చుకునుడు అల్కగనే ఉంటది. ఇన్‌కాగ్నిటో విండోల పేజీ తెరిచి, ఉత్త ఫైలుతోని ఒకసారి నడిపిచ్చుండ్రి, అవసరమైన భాష ఫైళ్లు అప్పుడే దిగుతయి. తర్వాత వైఫై బంద్ చేసి మళ్ల నడిపిచ్చుండ్రి. నా దగ్గర నెట్ లేకుంటనే పని అయింది. అయితే నెట్ మళ్ల పెట్టంగనే ఎనకనుంచి పంపే అవకాశం ఉంటది కదా, అందుకే ఆ విండో మూసినంకనే వైఫై పెట్టాలె.

మూడోది, ఫొటోల అక్షరాలు చదివే టెస్సెరాక్ట్ అనే ప్రోగ్రామ్, లాప్‌టాప్‌లనే నడుస్తది. ఫ్రీ, తెలుగు కూడ చదువుతది, తెలుగు భాష ఫైలు విడిగ వేసుకోవాలె. నేను కొట్టిన కమాండ్ ఇది:

```
tesseract register.png out -l tel+eng --psm 6 -c preserve_interword_spaces=1
```

నిజం చెప్పాలంటే టేబుల్ గీతల దగ్గర ఇది ఆన్‌లైన్ దానంత మంచిగ చేయదు. వచ్చేది ఖాళీలతోని వరుసలు, వాటిని ఎక్సెల్‌ల మనమే కాలమ్‌లుగ విడగొట్టుకోవాలె. చేతిరాత మీద ఆశ పెట్టుకోవద్దు. 300 డీపీఐల స్కాన్ చేస్తే అంకెలు మంచిగ వచ్చినయి, ఫోన్‌ల వంకరగ తీసిన ఫొటోల 8 పోయి 3 అయింది. అది ఎట్ల దొరికిందంటే, కాయితం కింద ప్రింట్ అయిన మొత్తం 3,62,400. ఎక్సెల్‌ల కూడితే 3,57,400 వచ్చింది. తేడా సరిగ్గ 5,000. వెతికితే ఒక వరుసల 18,500 కాస్తా 13,500 అయి కూసున్నది. ఏ కన్వర్టర్ వాడినా ఈ కూడిక చేయాలె, లేకుంటే ఎవరిదో జీతం తప్పు పడతది.

ఆన్‌లైన్ దానితోనే చేయక తప్పదంటరా? అయితే అంకెల కాలమ్‌లే పంపుండ్రి. స్కాన్ చేసే ముందే పేరు, యూఏఎన్, అకౌంట్, రిమార్క్స్ గడుల మీద, పైన మిల్లు పేరు మీద తెల్లకాయితం పట్టీలు పెట్టి కప్పాలె. సీరియల్ నంబర్ ఒక్కటి ఉంటే చాలు, పేర్లు తర్వాత దాని పక్కన మనమే టైప్ చేసుకుంటం. 23 పేర్లు ఎంతసేపు, పది నిమిషాలు. కొందరు పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీసి పంపుతరు. అది కొన్ని యాప్‌లల్ల పైపూత మాత్రమే. డబ్బా కింద ఉన్నచోట సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌ల పేస్ట్ కొట్టుండ్రి, అక్షరాలు బయటకొస్తే కప్పినట్టు కాదు. ఫోన్‌ల హైలైటర్‌తోని నల్లగ గీసిన గీత అయితే బ్రైట్‌నెస్ పెంచితే కింద ఉన్నది కనిపిస్తది. ఇంకోటి, ఫోన్ కెమెరాల లొకేషన్ ఆన్ ఉంటే ఫొటో ఫైలుల ఊరు ఎక్కడో కూడ రాసి ఉంటది.

జనం సొంత వివరాలను కాపాడేటందుకు వచ్చిన 2023 డీపీడీపీ చట్టం ప్రకారం, కూలీల వివరాల బాధ్యత వాటిని తీసుకున్న మిల్లుదే. వేరేవాళ్లతోని పని చేయించుకున్నా సరే, మిల్లుదే. రూల్స్ 2025 నవంబర్‌ల వచ్చినయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమల్లకొస్తయి. గడువు సంగతి పక్కన పెడితే, ఆ 23 మందిల ఒక్కరూ "నా పేరు ఎక్కించు" అని చెప్పలే.

ఇగ ఆ అన్నకు ఏం చెప్పిన? సైటుల హిస్టరీ తెరిచి డిలీట్ బటన్ ఉంటే నొక్కమన్న, వాళ్లకు మెయిల్ పెట్టి తీసేయమని రాసి ఆ మెయిల్ దాచుకోమన్న. ఓనరుకు చెప్పమన్న. బ్యాంకు నుంచి అని ఫోన్లు వస్తే ఓటీపీ చెప్పొద్దని 23 మందిని పిలిచి చెప్పమన్న. డయాలసిస్ ఆయనకు అందరి ముందర కాకుండ విడిగ చెప్పమన్న. అన్న అవన్నీ చేసిండు. ఇప్పుడు రిజిస్టర్‌ల ఆ రిమార్క్స్ గడి తీసేసి, అడ్వాన్స్ అని అంకె ఒక్కటే రాస్తున్నడు. ఎందుకు ఇచ్చిన్రు అన్నది వేరే బుక్కుల రాసి బీరువాల పెట్టిండు.