బిట్‌కాయిన్‌ను కొలబద్దగా పెట్టి చూస్తే

మిత్రులారా, 2023 చివరి మూడు నెలలతో మొదలుపెడదాం. బిట్‌కాయిన్ సుమారు 27,000 డాలర్ల నుంచి 42,300కు పెరిగింది. ఈథర్ 1,670 నుంచి 2,280కి, సొలానా 21 నుంచి 101కి వెళ్లాయి. డాలర్లలో మూడూ లాభమే. ఈథర్ కొన్నవాళ్లూ సంతోషించారు. కానీ ఆ డబ్బు బిట్‌కాయిన్‌లోనే ఉంచి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేది కదా? ఈ తేడాను స్ప్రెడ్‌షీట్‌లో పట్టుకోవాలి.

చాలామంది ఇక్కడ తీసివేత చేస్తారు. ఈథర్ 37 శాతం, బిట్‌కాయిన్ 57 శాతం, కాబట్టి 20 శాతం వెనకబడిందంటారు. అది తప్పు. భాగించాలి. A కాలమ్‌లో కాయిన్ పేరు, Bలో పాత ధర, Cలో ఇప్పటి ధర వేసి, రెండో వరుసను బిట్‌కాయిన్‌కు ఉంచండి. D3లో ఈ ఫార్ములా వేసి, D2తో సహా మిగతా వరుసలకూ కాపీ చేయండి:

```
=(C3/B3)/(C$2/B$2)-1
```

ఈథర్‌కు మైనస్ 13 శాతం వస్తుంది. సొలానా బిట్‌కాయిన్ లెక్కలో కూడా మూడు రెట్లయింది. బిట్‌కాయిన్ వరుసలో సున్నా రాకపోతే ఎక్కడో సెల్ తప్పిందని అర్థం.

ధరలన్నీ ఒకే క్షణానివి కావాలి. వారం ముగింపు ఆదివారం అర్ధరాత్రి యూటీసీ, అంటే మనకు సోమవారం ఉదయం 5:30. కొన్ని ధరలు రూపాయల్లో, కొన్ని డాలర్లలో కలిపితే షీట్ పనికిరాదు.

జాబితాలో ఒక డాలర్ విలువకు కట్టుబడి ఉండే USDT కాయిన్ వరుస ఒకటి తప్పకుండా పెట్టమంటాను. కొనడానికి కాదు, గీత కోసం. బిట్‌కాయిన్ 25 శాతం పడిందనుకోండి, USDT ప్లస్ 33 శాతం చూపిస్తుంది. అప్పుడు ప్లస్ 10 శాతంతో పచ్చగా కనిపించే కాయిన్ డాలర్లలో 17 శాతానికి పైగా నష్టపోయి ఉంటుంది. ఏ వారమైనా సరే, USDT కింద ఉన్నవన్నీ డాలర్లలోనూ పడినవే. నిజమైన లీడర్ బిట్‌కాయిన్‌కూ USDTకీ రెండింటికీ పైన ఉండాలి.

ఒక్క కాల వ్యవధి చూసి ర్యాంకు ఇవ్వకండి. 4, 8, 12 వారాల కిందటి ధరలతో D లెక్కను విడివిడిగా తీసి, ఒక్కోదానికి ఈ ఫార్ములా వేయండి:

```
=RANK(D3,D$2:D$20)
```

ఆ మూడు ర్యాంకుల సగటు తీయండి, శాతాల సగటు కాదు. తొమ్మిది వారాల కింద ఒక్క వారంలో ఎగిరి, అప్పటినుంచి కదలని కాయిన్ 12 వారాల పట్టికలో పైనే కూర్చుంటుంది. శాతాల సగటులో ఆ ఒక్క ఎగురుడే మిగతాదంతా కప్పేస్తుంది. నాలుగు వారాల ర్యాంకు పక్కన పెట్టగానే దాని సంగతి తెలిసిపోతుంది.

సింబల్‌ను గుడ్డిగా నమ్మకండి. 2022 మేలో టెర్రా అనే క్రిప్టో నెట్‌వర్క్ కుప్పకూలాక LUNA అనే పేరు కొత్త కాయిన్‌కు వెళ్లింది, పాతది LUNC అయింది. పాత ధర ఒకదానిదీ కొత్త ధర ఇంకోదానిదీ అయితే వచ్చే శాతానికి అర్థమే లేదు.

ఇక మన దేశంలో ప్రతి వారం ర్యాంకు మారిందని కాయిన్ మార్చేవాళ్లు పన్ను లెక్క వేసుకోవాలి. ఒక కాయిన్ ఇచ్చి ఇంకోటి తీసుకున్నా అది బదిలీయే. లాభంపై 30 శాతం పన్ను, అమ్మిన మొత్తంపై 1 శాతం టీడీఎస్ ఉంటాయి. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. అందుకే నేను షీట్‌ను వారం వారం నింపుతాను గానీ, సగటు ర్యాంకు బాగా దిగజారితే తప్ప చేతిలో ఉన్నది మార్చను.