ఒకే తప్పు, రెండు పేపర్లు

పేపర్లు దిద్దే మిత్రులందరికీ నమస్కారం. పిల్లలు ఇంట్లో రాసి, ఫొటో తీసి పంపిన జవాబు పత్రాలు దిద్దుతుంటే నాకు ఎదురైన ఒక్క లెక్క గురించే మాట్లాడతాను.

లెక్క 2x² − 7x + 3 = 0. విచక్షణి 49 − 24 = 25, మూలాలు 3, 1/2. నీలం ఇంకుతో రాసిన ఒక పేపర్లో 47 − 24 = 25 అని ఉంది. కింద 2/4 ని 1/4 చేశారు. కాసేపటికి నల్ల ఇంకు పేపరు తెరిస్తే అవే రెండు లైన్లు!

2aకు బదులు aతో భాగించడం లాంటి తప్పయితే నేను పట్టించుకునేదాన్ని కాదు, అది చాలామంది చేసేదే. కానీ 47లోంచి 24 తీసేస్తే 23. మనసులో 49 అనుకుంటూ 47 రాసి, 25 తేల్చడం ఒకరికి జరగొచ్చు. ఇద్దరికీ, పైగా ఆ 1/4తో కలిపి?

అయినా తొందరపడకూడదు. 200 పేపర్లుంటే జతలు 19,900. అన్ని జతల్లో ఎక్కడో ఒకచోట వింత పోలిక తగలడం వింతేమీ కాదు. అందుకే మిగతా పేపర్లన్నీ మళ్ళీ తిరగేశాను. ఆ లైను ఇంకెవరూ రాయలేదు. అందరికీ ఇచ్చిన నోట్సులో అచ్చుతప్పేమైనా ఉందేమో చూశాను. లేదు.

అప్పుడు ఫొటోలు పెద్దవి చేసి చూశాను. నల్ల ఇంకు పేపర్లో ఉన్నది 47 కాదు, 49! ఆ విద్యార్థి 9 పైసున్నా మూయకుండా వదిలేస్తాడు. వేరే లెక్కల్లోని 9లు కూడా అలాగే ఉన్నాయి. నీలం ఇంకు పేపర్లో మాత్రం ఏడుకు నడుమ అడ్డగీత ఉంది, అది ఖాయంగా ఏడే. అంటే నీలం ఇంకుతో రాసినవారు ఆ 9ని 7గా చదివి, కింది 25ని ఉన్నదున్నట్టు దించేశారు. నల్ల పేపర్లో తేలింది 1/4 తప్పొక్కటే.

ఎవరి రాత ఎవరి దగ్గరికి వెళ్ళిందన్నది దీంతో చాలావరకు తెలిసింది. నల్ల ఇంకు విద్యార్థి తెలిసి ఇచ్చాడా అన్నది మాత్రం ఇందులో లేదు. బల్లమీద వదిలిన కాగితాన్ని ఎవరైనా ఫొటో తీసి ఉండొచ్చు. ఈ జవాబు ఇంకెవరి దగ్గరి నుంచో అతనికే వచ్చి ఉండొచ్చు. మిగతా లెక్కలు ఎవరు సొంతంగా చేశారో కూడా ఈ ఒక్క లైను చెప్పదు. ఫొటో పంపిన టైమూ సాయపడదు, ముందు రాసినవారు చివర్లో పంపొచ్చు కదా.

మార్కులు ఎవరి పేపర్లో ఉన్నదాన్ని బట్టి వాళ్ళకు వేశాను. కమిటీకి ఆ రెండు ఫొటో ముక్కలు పక్కపక్కన పెట్టి, "ఈ లైను నల్ల ఇంకు చేతిరాత చూసి రాసినట్టుంది" అని మాత్రమే రాశాను. కాపీ అనే మాట వాడలేదు. ఇద్దరినీ విడివిడిగా పిలిచి ఆ లైను వివరించమని అడగాలని కోరాను. 3x² − 10x + 3 = 0 కూడా చేయించమన్నాను. అది సరిగ్గా చేసినంత మాత్రాన ఆ రోజు చూసి రాయలేదని కాదని కూడా కింద రాశాను.