సున్నా కూడా ఒక ప్రిన్సిపల్ స్ట్రెస్సే

అందరికీ నమస్కారం.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను చేసిన ఒక లెక్కతో మొదలుపెడతాను. కంప్రెసర్ పక్కన గాలి నిలవ ఉంచే ట్యాంకు, అంటే ఎయిర్ రిసీవర్. లోపలి వ్యాసం 1000 మిల్లీమీటర్లు, గోడ మందం 10 మిల్లీమీటర్లు, లోపలి పీడనం 2 మెగాపాస్కల్స్. దాని షెల్‌లో గరిష్ఠ షియర్ స్ట్రెస్ ఎంతో చెప్పమన్నారు.

ఇది సన్న గోడ సిలిండర్ కాబట్టి సూత్రాలు నోటికి వచ్చినవే. చుట్టూ లాగే హూప్ స్ట్రెస్ pd/2t, అంటే 100 మెగాపాస్కల్స్. పొడవు దిశలో లాంగిట్యూడినల్ స్ట్రెస్ pd/4t, అంటే 50. రెండిటి తేడాలో సగం 25. నేను 25 అని రాసి కాగితం ఇచ్చేశాను. మా సీనియర్ గారు దాన్ని చూసి ఒకే మాట అడిగారు: "మందం వైపు చూశావా బాబూ?"

అసలు జవాబు 50. నేను రాసినదానికి సరిగ్గా రెట్టింపు. ఆ స్టీలు యీల్డ్ స్ట్రెస్ 250 మెగాపాస్కల్స్ అనుకుందాం. ట్రెస్కా ప్రకారం షియర్‌లో యీల్డ్ అయ్యేది అందులో సగం, 125 దగ్గర. నా లెక్కన సేఫ్టీ ఫ్యాక్టర్ 5 వస్తుంది. నిజానికి ఉన్నది 2.5. నా సూత్రాలు తప్పు కాదు, కూడికలు తీసివేతలు తప్పు కాదు. నేను వదిలేసింది ఒక సున్నాను.

ఆ సున్నా ఎక్కడిదో చూద్దాం. ట్యాంకు బయటి గోడ మీద చిన్న ఘనాన్ని ఊహించుకోండి. ఒక జత ముఖాల మీద 100, ఇంకో జత మీద 50. మూడో జత ముఖాలు గోడ మందానికి అడ్డంగా ఉంటాయి. వాటిలో ఒకటి బయటి గాలికి తెరిచి ఉంది. దాని మీద లాగేదీ నెట్టేదీ లేదు, షియర్ కూడా లేదు. షియర్ లేని ముఖం అంటేనే ప్రిన్సిపల్ ముఖం. కాబట్టి అక్కడి స్ట్రెస్, అంటే సున్నా, మూడో ప్రిన్సిపల్ స్ట్రెస్ అవుతుంది. "ప్లేన్ స్ట్రెస్" అనే పేరు వినగానే మనం కాగితం మీద రెండు దిశలే గీసుకుంటాం, మూడోది లేదనుకుంటాం. అది ఉంది. దాని విలువ సున్నా, అంతే.

ఇప్పుడు మోర్ సర్కిల్స్ గీద్దాం. ఒటో మోర్ జర్మన్ సివిల్ ఇంజనీరు, డ్రెస్డెన్‌లో ప్రొఫెసరుగా పనిచేశారు. 1882లో ఈ వృత్తం గురించి రాశారు. మనం చాలాసార్లు ఒక్క వృత్తం దగ్గరే ఆగిపోతాం గానీ, మూడు ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు ఉన్నప్పుడు వృత్తాలూ మూడే. అడ్డగీత మీద 0, 50, 100 దగ్గర మూడు చుక్కలు పెట్టండి. 50కీ 100కీ మధ్య ఒక వృత్తం, రేడియస్ 25. సున్నాకీ 50కీ మధ్య ఇంకొకటి, దాని రేడియస్ కూడా 25. ఈ రెండింటినీ కడుపులో పెట్టుకుని సున్నా నుంచి 100 దాకా ఒక పెద్ద వృత్తం, రేడియస్ 50. ఆ పెద్ద వృత్తం పైకొన ఎత్తే అబ్సల్యూట్ మాక్సిమమ్ షియర్ స్ట్రెస్. నేను మొదట రాసిన 25 ఒక చిన్న వృత్తానిది మాత్రమే. దాన్ని ఇన్-ప్లేన్ మాక్సిమమ్ అంటాం.

సూత్రంగా రాస్తే ఇంతే:

τ(abs) = (σ1 − σ3)/2

ఇందులో σ1 అన్నిటికన్నా పెద్దది, σ3 అన్నిటికన్నా చిన్నది. చిన్నా పెద్దా తేల్చేటప్పుడు గుర్తును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉదాహరణకు 40, 0, −90 ఉంటే చిన్నది −90, సున్నా కాదు. అప్పుడు జవాబు 65. గుర్తు వదిలేసి 90ని పెద్దదిగా, సున్నాను చిన్నదిగా తీసుకుని 45 అని రాసిన పేపర్లు నేను చాలా దిద్దాను.

మీలో కొందరికి ఒక అనుమానం రావాలి. ఆ ఘనాన్ని మూడు అక్షాలకీ ఏటవాలుగా, ఏ వృత్తానికీ చెందని ఒక తలంతో కోస్తే? అక్కడ షియర్ ఇంకా ఎక్కువ ఉండదని ఏమిటి నమ్మకం? ఇది మంచి ప్రశ్న, దీనికి జవాబు ఒక పంక్తిలో ఉంది. ఆ తలం లంబరేఖ మొదటి ప్రిన్సిపల్ దిశతో చేసే కోణం కొసైన్‌ను l అనుకోండి. ఆ తలం మీది నార్మల్ స్ట్రెస్ σ, షియర్ τ అయితే,

l² = [τ² + (σ − σ2)(σ − σ3)] / [(σ1 − σ2)(σ1 − σ3)]

వర్గం ఎప్పుడూ రుణాత్మకం కాదు. కింద ఉన్న రెండు తేడాలూ ధనాత్మకం. కాబట్టి పైన ఉన్నది సున్నాకు తగ్గకూడదు. దాన్ని విప్పి చూస్తే, ఆ (σ, τ) బిందువు σ2, σ3 మధ్య వృత్తానికి బయట లేదా దాని మీద ఉండాలని తేలుతుంది. మూడో దిశకు ఇలాగే రాస్తే బిందువు ఇంకో చిన్న వృత్తానికి కూడా బయటే ఉండాలి. రెండో దిశకు రాసినప్పుడు మాత్రం కింద ఒక తేడా రుణాత్మకం అవుతుంది. అందువల్ల షరతు తిరగబడి, బిందువు పెద్ద వృత్తం లోపలే ఉండాలని వస్తుంది. అంటే మీరు ఎటు కోసినా ఆ బిందువు రెండు చిన్న వృత్తాలకూ పెద్ద వృత్తానికీ మధ్య ఉన్న ఆ వంకర జాగాలోనే పడుతుంది. పెద్ద వృత్తం పైకొనను దాటే తలం లేనే లేదు.

సరే, 50 మెగాపాస్కల్స్ షియర్ ఉన్న ఆ తలం మన ట్యాంకులో ఎక్కడుంది? నన్ను అడిగితే సంఖ్య కంటే ఇదే ముఖ్యమైన ప్రశ్న. పెద్ద వృత్తం హూప్ దిశకూ మందం దిశకూ మధ్య గీసింది. కాబట్టి ఆ తలం ఆ రెండు దిశలకూ 45 డిగ్రీల్లో ఉంటుంది, ట్యాంకు పొడవు దిశ ఆ తలంలోనే పడుకుని ఉంటుంది. వెల్డింగుకు ముందు ప్లేటు పొడవు అంచును 45 డిగ్రీలకు బెవెల్ చేస్తారు కదా, ఆ ఏటవాలు ముఖాన్ని గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా అలాంటి తలం మీదే లోహం ఒక పొర మీద ఇంకో పొర జారాలని చూస్తుంది. గోడను బయటి నుంచి చూస్తూ ఎన్ని గీతలు గీసినా ఇది కనబడదు, ఎందుకంటే ఆ జారుడు మందం గుండా జరుగుతుంది. సాగే గుణం ఉన్న పల్చటి స్టీలు గోడ అధిక పీడనంతో చీలినప్పుడు, చీలిన అంచుల్లో ఏటవాలుగా జారిన భాగాలు కనిపిస్తాయి. వాటిని షియర్ లిప్స్ అంటారు. ఎప్పుడైనా అలాంటి ముక్క చేతికొస్తే అంచును జాగ్రత్తగా చూడండి.

లోపలి ముఖం సంగతి కూడా ఒక మాట. అక్కడ మూడో ప్రిన్సిపల్ స్ట్రెస్ సున్నా కాదు, గాలి నెడుతోంది కాబట్టి −2. అప్పుడు (100 + 2)/2, అంటే 51. సన్న గోడకు ఈ తేడా పెద్దది కాదు. మందపాటి గోడ దగ్గర దాన్ని వదిలేయలేం. లోపలి రేడియస్ 50, బయటి రేడియస్ 100 మిల్లీమీటర్లు ఉన్న హైడ్రాలిక్ సిలిండర్‌లో 100 మెగాపాస్కల్స్ పీడనం ఉంటే, లోపలి ముఖం దగ్గర హూప్ స్ట్రెస్ దాదాపు 167, మందం దిశలో −100. అబ్సల్యూట్ షియర్ 133 దాటుతుంది. అక్కడ కూడా సున్నా అని రాస్తే 83 దగ్గరే ఆగిపోతాం.

కంప్యూటర్ వాడేవారికి ఒక హెచ్చరిక. కొన్ని సాఫ్ట్‌వేర్లలో Maximum Shear అని ఒకటి, Stress Intensity అని ఇంకొకటి కనిపిస్తాయి. రెండోది (σ1 − σ3), సగం చేయనిది. దాన్ని షియర్ అనుకుని 125తో పోలిస్తే తప్పు. దాన్ని యీల్డ్ స్ట్రెస్ 250తో పోల్చాలి. అలాగే బయటి గోడ మీద స్ట్రెయిన్ గేజ్ రోజెట్ అతికించి చేసే లెక్క మీకు ఇచ్చేది ఉపరితలంలోని రెండు ప్రిన్సిపల్ స్ట్రెస్‌లే. మూడోదైన సున్నాను మీరే చేర్చుకోవాలి.

అయితే ఇన్-ప్లేన్ జవాబు ఎప్పుడూ తప్పేనా? కాదు. ఇరుసును మెలిపెట్టండి. ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు +τ, −τ, మధ్యలో సున్నా. పెద్ద వృత్తం కాగితం మీద గీసిన ఆ మొదటి వృత్తమే. ఒకటి లాగుతూ ఇంకొకటి నొక్కుతూ ఉంటే సున్నా మధ్యలో ఉండిపోతుంది, ఇబ్బంది లేదు. రెండూ లాగుతున్నా, రెండూ నొక్కుతున్నా సున్నా ఒక చివరికి వస్తుంది. జాగ్రత్త పడాల్సింది అక్కడ.

ఈ రెండింటి మధ్య సరిహద్దు ఎక్కడుందో మన ట్యాంకు మీదే చూద్దాం. పీడనం అలాగే ఉంచి షెల్‌ను మెలిపెడదాం. హూప్ 100, లాంగిట్యూడినల్ 50, మెలిక వల్ల షియర్ 60 అనుకోండి. కాగితం మీది వృత్తానికి కేంద్రం 75, రేడియస్ 25, 60ల వర్గాల మొత్తానికి వర్గమూలం, అంటే 65. ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు 140, 10, మూడోది సున్నా. ఇన్-ప్లేన్ 65, అబ్సల్యూట్ 70. మెలిక లేనప్పుడు రెట్టింపు ఉన్న తేడా ఇప్పుడు అయిదుకు తగ్గింది.

మెలికను 100కు పెంచండి. రేడియస్ దాదాపు 103. ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు 178, −28. చిన్నది సున్నా కంటే కిందికి దిగిపోయింది, సున్నా మధ్యలోకి జరిగింది. ఇప్పుడు ఇన్-ప్లేన్, అబ్సల్యూట్ రెండూ ఒకటే, 103. ఇక్కడ అలవాటుగా "σ1లో సగం" అని రాస్తే 89 వస్తుంది, అది కూడా తప్పే. జారే తలం కూడా మారిపోయింది. ఇంతవరకూ మందం గుండా ఏటవాలుగా ఉన్నది ఇప్పుడు గోడకు నిట్టనిలువుగా నిలబడింది.

ఆ మార్పు జరిగేది చిన్న ప్రిన్సిపల్ స్ట్రెస్ సున్నాను తాకినప్పుడు, అంటే మెలిక షియర్ వర్గం 100, 50ల గుణకారానికి సమానమైనప్పుడు. అది 70.7 మెగాపాస్కల్స్. అక్కడ ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు 150, 0, 0. మూడు వృత్తాల్లో ఒకటి కుంచించుకుపోయి చుక్క అవుతుంది, మిగతా రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ ఒక్క క్షణంలో ఈ ట్యాంకు గోడ, మెషీన్‌లో నిలువుగా లాగుతున్న టెన్షన్ టెస్ట్ కడ్డీలాగే ఉంటుంది. లాగే దిశకు 45 డిగ్రీల్లో చుట్టూ ఉన్న ఏ తలం మీదైనా షియర్ 75 మెగాపాస్కల్సే, లోహం వాటిలో దేని మీదైనా జారవచ్చు.