మేకల వారం పని చార్టు రివ్యూ: ఆరు నెలలు వాడాక నా మాట

నమస్కారమండీ. ఆనందపురం దగ్గర మా మేకల కొట్టంలో నుంచి మాట్లాడుతున్నాను. వెనక అరుపులు వినబడితే ఏమనుకోకండి, మండలు కట్టే వేళయింది.

ఇదిగో, ఇదే చార్టు. మేకల పని మొత్తం ఒక్కరే చూసుకునేవాళ్ల కోసం వారం పట్టిక. కంపెనీ వాళ్లు నాకు ఉచితంగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. సైజు ఎంత, ప్లాస్టిక్ పూత ఉందా, రేటెంత అన్నవి మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, అవి మళ్లీ చెప్పను. జూన్ నుంచి నవంబరు దాకా, అంటే వానలన్నీ ఈ చార్టుతోనే గడిపాను. అందుకని నేను చెప్పేదంతా ఒక్క గడి గురించే. బుధవారం గడి.

మా ఇంటి సంగతి ముందు చెప్పాలి. పద్దెనిమిది ఆడమేకలు, ఒక పోతు. మా ఆయన గాజువాకలో డ్యూటీకి తెల్లారకముందే వెళ్లిపోతారు, పిల్లలు చదువుల్లో ఉన్నారు. మేత, నీళ్లు, ఊడ్చడం, జబ్బులు చూసుకోవడం అన్నీ నేనే. ఇంతకుముందు ఎరువుల కొట్టు క్యాలెండరు మీద రాసుకునేదాన్ని. తర్వాత మా అబ్బాయి ఫోన్లో ఒక యాప్ పెట్టాడు. అది మోగే సమయానికి నా చేతుల నిండా తవుడు ఉండేది. గోడ మీద కళ్లకెదురుగా ఉండే కాగితమే నయమని అప్పుడే అర్థమైంది.

రోజువారీ వరసలు బాగున్నాయి. పొద్దున్న ఊడ్చడం, నీళ్లు మార్చడం, దాణా సగం, సాయంత్రం మిగతా సగం. పాతిక కిలోల మేకకి రోజుకి రెండు వందల గ్రాముల దాణా అని వేశారు, నేనూ ఇంచుమించు అంతే పెడతాను. శనివారం మంచె కింద పెంటికలు ఎత్తి సున్నం చల్లమన్నారు, అదీ సరే.

ఇక బుధవారం. "రెప్ప పరీక్ష, అన్ని మేకలకీ" అని రాసి, పక్కనే అయిదు రంగుల పట్టీ వేశారు. చిక్కటి ఎరుపు ఒకటి, అక్కడి నుంచి పాలిపోతూ తెలుపు అయిదు. ఇది కంపెనీ వాళ్లు కనిపెట్టింది కాదు. దక్షిణాఫ్రికాలో మలాన్ అనే పశువైద్యుడి పేరు మీద వచ్చిన పద్ధతి, ఫమాచా అంటారు. వానాకాలంలో మేకల్ని చంపే నట్ట ఒకటుంది, హీమాంకస్. అది నాలుగో పొట్టలో ఉండి రక్తం పీలుస్తుంది. విరేచనాలు పెద్దగా కనబడవు. మేక తింటూనే ఉంటుంది, లోపల రక్తం అయిపోతుంటుంది. అందుకే పేడ చూసి కాదు, కంటి రెప్ప చూసి పట్టుకోవాలి.

ఎలా చూడాలో చూపిస్తాను, కెమెరా దగ్గరగా పెట్టాను. పై రెప్పని ఒక బొటనవేలితో కంటి మీదికి మూసి, కనుగుడ్డుని మెల్లగా లోపలికి నొక్కాలి. రెండో బొటనవేలితో కింది రెప్పని కిందికి లాగితే, ఇదిగో, లోపలి పొర ఉబికి బయటికొస్తుంది. చూడాల్సింది ఆ పొర రంగే, రెప్ప అంచు రంగు కాదు. రెండు మూడు సెకన్లలో చూసేయాలి, ఎక్కువసేపు పట్టుకుంటే అది ఎర్రబడిపోతుంది. రెండు కళ్లూ చూసి, ఏది ఎక్కువ పాలిపోయి ఉందో ఆ నంబరు రాసుకోవాలి. పగటి వెలుగులోనే చూడాలి. ట్యూబ్‌లైటు కింద అన్నీ ఒకేలా కనబడతాయి.

నా మొదటి ఇబ్బంది ఇక్కడే. ఒక్కదాన్నే పద్దెనిమిది మేకల్ని తరిమి పట్టుకుని ఒకే పూట చూడాలంటే కుదరదు. మేకకి మూడు నిమిషాలు వేసుకున్నా దాదాపు గంట పడుతుంది, తరమడంలో చూడి మేకలు కంగారు పడతాయి. మూడో వారానికే ఆ పని వాయిదా వేయడం మొదలుపెట్టాను. అందుకని గడిని మూడుగా చీల్చాను: సోమవారం ఆరు, బుధవారం ఆరు, శుక్రవారం ఆరు. తల దూర్చి తినే కంతల తొట్టిని కొట్టం లోపల నుంచి తూర్పు వైపు ఆరుబయటికి మార్పించాను. పొద్దున్న దాణాకి తలలు దూర్చగానే అడ్డుకర్ర వేస్తాను. ఎండ నేరుగా మొహాల మీద పడుతుంది, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది, పరుగులుండవు. చార్టు తయారుచేసినవాళ్లు ఒంటరిగా మేకని పట్టి చూసి ఉంటే ఈ మాట వాళ్లే రాసేవారు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి. మా దగ్గర చుక్కది అని ఒక మేక ఉంది, నుదుట తెల్ల మచ్చ. సెప్టెంబరులో రెండు వారాలు వరసగా దానికి నేను "రెండు" అని రాశాను. ఇదిగో నా చేతిరాత. రెండు అంటే బాగానే ఉన్నట్టు, మందు అక్కర్లేదు. కానీ మంద వెనకాలే పడిపోతోంది, కొండవాలు ఎక్కేటప్పుడు నిలబడిపోతోంది. ఒక సాయంత్రం మేపి తోలుకొచ్చాక చూస్తే దవడ కింద మెత్తగా, నీళ్ల సంచిలాగా వాచి ఉంది. పొద్దున్నకి తగ్గింది. సాయంత్రం మళ్లీ వచ్చింది. రోజంతా తల వంచి మేస్తే నీరు అక్కడికి దిగుతుంది, రాత్రి తల ఎత్తి పడుకుంటే తీస్తుంది. ఈ వాపు వచ్చిందంటే రక్తం చాలా తగ్గిపోయిందని లెక్క. కార్జపు జలగ వల్ల కూడా ఇలా వాస్తుంది, కాబట్టి వాపు చూసి జబ్బు పేరు తేల్చేయకూడదు.

డాక్టరు గారొచ్చి రెప్ప లాగి చూసి "నాలుగమ్మా" అన్నారు. నేను రెండు కదండీ అన్నాను. ఆయన సంచిలోంచి, కవర్లో దాచుకున్న తన ఫమాచా కార్డు తీసి నా చార్టు పక్కన పెట్టారు. అప్పుడు కనబడింది. ఇదిగో మీరూ చూడండి: కార్డులో రెండో రంగు దానిమ్మ గింజలా ఉంది, నా చార్టులో రెండో రంగు కడిగిన బియ్యప్పిండి ముగ్గులో కాస్త కుంకుమ కలిపినట్టుంది. మూడు నెలలు ఎండకీ, సముద్రపు చెమ్మగాలికీ వేలాడి పట్టీ వెలిసిపోయింది. పట్టీ పాలిపోతే ప్రమాదం ఎటువైపో ఆలోచించండి. రక్తం లేని మేక రెప్ప, వెలిసిపోయిన రెండో రంగుతో చక్కగా సరిపోతుంది. జబ్బు మేకకి "బాగుంది" అని రాసేస్తాం. అసలు కార్డుని చీకట్లో దాచుకుని, ఏడాదికొకసారి మార్చుకోవాలి. అలాంటి పట్టీని గోడకి తగిలించే చార్టు మీద అచ్చువేయడం పెద్ద పొరపాటు. కంపెనీకి ఫోన్ చేస్తే ఎండ తగలకుండా పెట్టుకోమన్నారు. కొట్టంలో వేలాడదీయమని చార్టు మీద వాళ్లే రాశారు.

చుక్కదానికి మందు ఎలా వేశామో కూడా చెబుతాను, ఎందుకంటే అక్కడా నేను తప్పు చేయబోయాను. చూపుతో పద్దెనిమిది కిలోలనుకున్నాను. గోనెసంచి ఉయ్యాలలో వేసి కాటాకి తగిలిస్తే ఇరవై నాలుగు. డాక్టరు గారు రాసింది ఆల్బెండజోల్, రెండున్నర శాతం ద్రావణం, పది కిలోలకి నాలుగు మిల్లీలీటర్ల లెక్కన. నా అంచనాతో ఏడు మిల్లీలీటర్లు పోసేదాన్ని, పోయాల్సింది తొమ్మిదిన్నర పైన. తక్కువ పోస్తే నట్టలు చావవు, ఆ మందుకి అలవాటు పడతాయి. ఇంకో మాట, ఈ మందు చూడి కట్టిన మొదటి నెలల్లో వేయకూడదు. చుక్కది చూడిది కాదని తేల్చుకున్నాకే రాశారు. మీ మేకకి మందేదో, ఎంతో మీ డాక్టరు గారినే అడగండి.

రెండు వారాలు దాన్ని కొండకి తోలలేదు. కొట్టంలోనే అవిశ మండలు, సుబాబుల్ మండలు ఎత్తుగా కట్టి, దాణాలో వేరుశనగ చెక్క కాస్త పెంచాను. పన్నెండో రోజు తాజా పెంటికలు తీసుకెళ్లి ఆసుపత్రిలో మైక్రోస్కోపు కింద చూపించాను. గుడ్లు బాగా తగ్గాయన్నారు, అంటే మందు పనిచేసింది. మిగతావాటికి కూడా మేత వేళ మార్చాను. నట్ట పిల్లలు తడి గడ్డి మొదట్లో పట్టుకుని ఉంటాయి కాబట్టి మంచు ఆరాకే, తొమ్మిదిన్నర దాటాకే తోలుతున్నాను, గడ్డి మరీ పొట్టిగా ఉన్న చోట నిలబెట్టడం లేదు.

ఈ చార్టులో నేను పెన్నుతో కొట్టేసిన వాక్యం ఒకటుంది: "ప్రతి నెలా మొదటి శనివారం అన్నిటికీ నట్టల మందు." దయచేసి మీరూ కొట్టేయండి. ఏ మందలోనైనా ఎక్కువ నట్టలు కొన్ని మేకల్లోనే ఉంటాయి. ఒకటి, రెండు వచ్చినవాటిని మందు లేకుండా వదిలేస్తే, మందుకి చచ్చే రకం నట్టలు మందలో మిగిలి ఉంటాయి. అన్నిటికీ నెలనెలా పోస్తే, మందుకి చావని రకమే మిగులుతుంది. తర్వాత చుక్కదానిలాంటిదానికి పోసినా పనిచేయదు. నేను నాలుగు, అయిదు వచ్చినవాటికి పోస్తాను. మూడు వస్తే డాక్టరు గారికి చెబుతాను, పాలిచ్చేదైతే, పిల్లయితే ఆగను. రెప్ప చెప్పేది రక్తం పీల్చే నట్ట సంగతే సుమండీ. పిల్లలకి రక్త విరేచనాలైతే రెప్ప ఎర్రగా ఉన్నా ఆసుపత్రికే వెళ్లాలి. పేలు, గోమార్లు ఎక్కువైనా రెప్ప పాలిపోతుంది, కాబట్టి వెంట్రుకలు విడదీసి చూడండి.

మరి కొనాలా అంటే, రంగుల పట్టీతో ఉన్న ఈ చార్టుని నేను కొనమనను. గడుల అమరిక నాకు నచ్చింది, అందుకే ఇంకా వాడుతున్నాను. కానీ పట్టీ మీద ఇలా నల్ల టేపు అంటించేశాను. డాక్టరు గారి ద్వారా అసలు కార్డు తెప్పించుకుని బిస్కట్ల డబ్బాలో పెట్టుకున్నాను, చూసేటప్పుడు తీయడం, మళ్లీ డబ్బాలో పెట్టడం. పట్టీ విడిగా ఇస్తే, పరీక్షని మూడు రోజులకి పంచితే, ఆ నెలవారీ మందు వాక్యం తీసేస్తే అప్పుడు మళ్లీ వీడియో చేస్తాను.

ఇవాళ సోమవారం, మొదటి ఆరింటి వంతు. చుక్కదాన్ని చూద్దాం రండి. కార్డు పక్కన పెట్టాను... ఆగవే తల్లీ, అయిపోయింది. రెండు. ఈసారి నిజంగా రెండే.