కండెన్సర్‌కి ఏరియా ఎంత కావాలి? ఒక చిల్లర్ లెక్క

[స్క్రీన్: బిల్డింగ్ టెర్రస్, కూలింగ్ టవర్, కింద ప్లాంట్ రూమ్]

హైదరాబాద్‌లో ఒక ఆఫీసు బిల్డింగ్ అనుకుందాం. చిల్లర్‌లో R134a గ్యాస్. కండెన్సర్ బయటికి పంపాల్సిన వేడి 120 kW. టవర్ నుంచి నీళ్లు 30 డిగ్రీల దగ్గర వస్తాయి, సెకనుకి 5.74 కిలోలు. గ్యాస్ 40 డిగ్రీల దగ్గర లిక్విడ్ కావాలి. ట్యూబుల ఏరియా ఎంత పెట్టాలి?

[స్క్రీన్: గ్రాఫ్. పైన 40 దగ్గర అడ్డగీత, కింద 30 నుంచి ఎక్కే నీటి గీత]

పై గీత చూడండి, కదలడం లేదు. వేడి పోతున్నా గ్యాస్ లిక్విడ్‌గా మారుతుందే తప్ప చల్లబడదు. అంటే దాని హీట్ కెపాసిటీ రేటు, అంటే ఒక డిగ్రీ మారడానికి సెకనుకి కావలసిన వేడి, అనంతం. కాబట్టి రెండు వైపుల రేట్లలో చిన్నదైన Cmin ఎప్పుడూ నీటిదే, చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తి Cr సున్నా.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. రిఫ్రిజిరెంట్ ఫ్లో సెకనుకి సుమారు 0.7 కిలోలు కదా అని, దాన్ని లిక్విడ్ స్పెసిఫిక్ హీట్ cpతో గుణించి 1.1 kW/K దాకా తెచ్చి, అదే Cmin అనేస్తారు. దాన్ని 10 డిగ్రీలతో గుణించి చూడండి: 11 kW! మనకి కావలసింది 120. తప్పు అక్కడే బయటపడిపోతుంది.

[స్క్రీన్:
```
C   = 5.74 × 4.18 = 24 kW/K
ε   = 1 − e^(−NTU)
NTU = −ln(1 − ε) = UA / C
```
]

నీళ్లు 120/24, అంటే 5 డిగ్రీలు వేడెక్కుతాయి. గరిష్ఠంగా వేడెక్కగలిగింది 10. కాబట్టి ఈ రెంటి నిష్పత్తి, అంటే ఎఫెక్టివ్‌నెస్ ε = 0.5, నీటి ఫ్లోకి కండెన్సర్ ఎంత పెద్దదో చెప్పే NTU = 0.693, UA = 16.6 kW/K. Cr సున్నా అయినప్పుడు కౌంటర్ ఫ్లోనా, ప్యారలల్ ఫ్లోనా అన్న గొడవే లేదు, ఫార్ములా ఒకటే.

ఇందులో A ట్యూబుల ఏరియా, U అంటే ఒక చదరపు మీటరు గుండా ఒక డిగ్రీ తేడాకి దాటే వేడి. శుభ్రమైన ట్యూబులకి U 1 kW/m²K అనుకుంటే 16.6 చదరపు మీటర్లు చాలు. కానీ టవర్‌కి బోరు నీళ్లు పోస్తే ఆ ఉప్పు ట్యూబుల లోపల పొరకడుతుంది. ఆ పొర వేడికి పెట్టే అడ్డు, అంటే ఫౌలింగ్, 0.000176 m²K/W కలిపితే U 0.85కి పడిపోతుంది, ఏరియా 19.6 అవుతుంది. ఇది తీసుకోవాలి.

ఇంకా పెంచితే? ఏరియా రెట్టింపు చేస్తే ε 0.75 అవుతుంది, గ్యాస్ 36.7 డిగ్రీలకి దిగుతుంది. రెట్టింపు రాగి ఖర్చుకి దక్కేది 3.3 డిగ్రీలు. కరెంటు బిల్లులో ఆ ఖర్చు తిరిగి వస్తుందో లేదో చూసుకునే పెట్టాలి.

[స్క్రీన్: రెండు థర్మామీటర్లు, ఒక ప్రెజర్ గేజ్]

ఇప్పుడు నడుస్తున్న చిల్లర్. గ్యాస్ 43.5 డిగ్రీలకి ఎక్కింది. లోడు అదే, నీళ్లు మాత్రం ఎప్పటిలా 5 డిగ్రీలే వేడెక్కుతున్నాయి. అంటే ఫ్లో బాగానే ఉంది. ε 0.37కి పడింది, అనుమానం ట్యూబుల మీదే. అదే నీళ్లు 8 డిగ్రీలు వేడెక్కుతుంటే ట్యూబులు విప్పకండి, ముందు స్ట్రెయినర్, పంపు చూడండి.

ట్యూబులు శుభ్రం చేశాక కూడా ప్రెజర్ దిగకపోతే లోపల గాలి చేరి ఉండొచ్చు. మెషీన్ ఆపి, కండెన్సర్ మొత్తం నీటి టెంపరేచర్‌కి వచ్చేదాకా ఆగండి. అప్పుడు గేజ్ రీడింగ్, ఆ టెంపరేచర్‌కి చార్టులో ఉన్న ప్రెజర్ కంటే ఎక్కువుంటే గాలి ఉన్నట్టే.

ఒక్క మాట, R407C లాంటి బ్లెండ్‌కి ఈ లెక్క నేరుగా పనికిరాదు. లిక్విడ్ అవుతూనే దాని టెంపరేచర్ కొన్ని డిగ్రీలు జారుతుంది, పై గీత అడ్డంగా ఉండదు.