పెద్ద బ్రాంచి వెనకబడిందా?

అందరికీ నమస్కారం. ఒకే చెయిన్‌కు చెందిన రెండు రెస్టారెంట్ల లెక్క చూద్దాం. అంకెలు నేను కల్పించినవే, ఏ కరెన్సీ అనుకున్నా పర్లేదు.

పెద్ద బ్రాంచి 3,000 చదరపు అడుగులు. కిందటేడు 300 లక్షలు అమ్మింది, ఈ ఏడు 306. చిన్నది 1,200 అడుగులు. దాని అమ్మకం 150 నుంచి 165కు పెరిగింది. రెండూ పాతవే కాబట్టి సేమ్ స్టోర్ సేల్స్, అంటే పాత బ్రాంచిల అమ్మకాన్ని కిందటేడుతో పోల్చే లెక్కలోకి వస్తాయి. కొత్త బ్రాంచిని కనీసం ఏడాది, చాలా చోట్ల ఇంకొన్ని నెలలు ఆగి గానీ ఇందులో కలపరు. ప్రారంభపు హడావిడి అమ్మకాలతో పోలిస్తే తర్వాతి ఏడాది చాలాసార్లు చప్పగా కనిపిస్తుంది మరి.

పెద్దది 2 శాతం, చిన్నది 10 శాతం పెరిగాయి. చదరపు అడుగుకు చూస్తే పెద్దది 10,200, చిన్నది 13,750. రెండు కొలతల్లోనూ చిన్నదే గెలిచింది. చాలా మీటింగులు ఇక్కడితో ముగుస్తాయి, పెద్ద బ్రాంచి మేనేజర్‌కు టెన్షన్ మొదలవుతుంది.

ఈ ఏడాది మొదట్లో మెనూ ధరలు 6 శాతం పెంచారనుకోండి. ధర ప్రభావం తీసేస్తే చిన్నదాని అసలు పెరుగుదల 4 శాతం లోపే. పెద్దది పెరగకపోగా, దాదాపు అంతే తగ్గింది. తగ్గుదల ఎలా వచ్చిందో నెలవారీగా చూడాలి. మెల్లమెల్లగా జారితే వంటలోనో సర్వీసులోనో లోపం ఉందేమో వెతకాలి. ఒకే నెలలో ధబ్బున పడి, అక్కడే నిలిచిందంటే, ఆ నెలలో దగ్గర్లో మన చెయినే ఇంకో బ్రాంచి తెరిచిందేమో చూడండి. డెలివరీ చిరునామాలు చూస్తే ఏ వీధుల ఆర్డర్లు అటు మళ్లాయో తెలుస్తుంది. కొత్తది ఇంకా సేమ్ స్టోర్ లెక్కలోకి రాదు కాబట్టి, ఈ కొలతలో నష్టం మాత్రమే కనిపిస్తుంది. పెద్దదీ, ఆ కొత్తదీ రెండింటి అమ్మకమూ కలిపి చూస్తే గానీ నిజం తేలదు.

ఇక చదరపు అడుగు సంగతి. చిన్న బ్రాంచి అమ్మకంలో 66 లక్షలు డెలివరీవే. పెద్దదాంట్లో డెలివరీ 30 లక్షలే. డెలివరీకి వంటగది కావాలి గానీ కుర్చీలు అక్కర్లేదు. అందుకని కూర్చుని తిన్నవాళ్ల అమ్మకాన్ని హాలు వైశాల్యంతో భాగిద్దాం. పెద్దదాని హాలు 2,000 అడుగులు, అమ్మకం 276 లక్షలు, అంటే అడుగుకు 13,800. చిన్నదాని హాలు 700 అడుగులు, అమ్మకం 99 లక్షలు, అంటే 14,100 పైచిలుకు. 35 శాతం తేడా కాస్తా 3 శాతం లోపుకు వచ్చేసింది! పైగా ఆ 66 లక్షల్లో డెలివరీ యాప్‌ల కమీషన్ ఎంత పోయిందో ఈ కొలత చెప్పదు.

కాబట్టి పెద్ద బ్రాంచి లీజు రెన్యువల్‌కు వస్తే, హాలు తగ్గించాలన్న వాదనకు ఈ అంకెలు సరిపోవు. చిన్నదానికి వచ్చే ఏడాది అదనపు చోటు తీసుకుంటే మాత్రం, అది వంటగదికా హాలుకా అన్నది ముందు తేల్చుకోవాలి.