ఒక తల్లి పేరు, మూడు కాగితాలు

శ్రోతలకు నమస్కారం.

ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె మాది. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందుకని ఊళ్లో ఎవరికి ఏ కాగితం అర్థం కాకపోయినా మా అరుగు మీదికే వస్తారు. 2024 వర్షాకాలంలో ఒక అత్తా కోడలూ అలాగే వచ్చారు. కోడలి చంకలో రెండేళ్ల పాప. అత్తగారి చేతిలో చీరల కొట్టు కవరు, అందులో కొడుకు కాగితాలు. ఆ అబ్బాయి భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరు. పదిహేను రోజుల కిందట డ్యూటీ నుంచి బండి మీద వస్తూ 216 హైవే మీద పోయాడు. ముప్పై ఒక్కేళ్లు.

కవరులోంచి మూడు కాగితాలు తీసి అరుగు మీద పరిచాను. మూడు లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు, అయిదు లక్షల జీవిత బీమా పాలసీ, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు. పీఎఫ్‌లో మూడు లక్షల అరవై వేలు ఉన్నాయి. మూడింటికీ నామినీ ఒక్కరే, తల్లి. 2016లో ఉద్యోగంలో చేరినప్పుడు పెళ్లి కాలేదు, తండ్రి అప్పటికే లేడు, ఇంకెవరి పేరు రాస్తాడు? 2020లో పెళ్లయింది, 2022లో పాప పుట్టింది. కాగితాలు మాత్రం పెళ్లికి ముందు దగ్గరే ఆగిపోయాయి.

"మూడింట్లోనూ నా పేరే ఉందంటండి. అంటే డబ్బంతా నాదేనా? మరి ఈ పిల్లకేం లేదాండి?" అని అడిగిందావిడ. కోడలు తలెత్తలేదు.

పేరు ఒకటే అయినా మూడు చోట్లా చట్టం దాన్ని మూడు రకాలుగా చూస్తుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ తేడా గురించే.

ముందు బ్యాంకు సంగతి. మన పెళ్లితో బ్యాంకుకి సంబంధం లేదు. రికార్డులో తల్లి పేరుంటే తల్లికే ఇస్తుంది. మరణ ధ్రువీకరణ పత్రం, ఆవిడ ఆధార్, క్లెయిమ్ ఫారం ఉంటే చాలు, వారసత్వ సర్టిఫికెట్ కోసం కోర్టుకి వెళ్లక్కర్లేదు. ఆ డబ్బు వారం రోజుల్లోనే వచ్చింది. అయితే డబ్బు చేతికి వచ్చినంత మాత్రాన అది ఆవిడ సొంతం కాదు. బ్యాంకు డబ్బు విషయంలో నామినీ అంటే వారసుల తరఫున అందుకునే మనిషి. ఈ మాట సుప్రీంకోర్టు 2010లో స్పష్టంగా చెప్పింది. వీలునామా లేదు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికీ భార్యకీ బిడ్డకీ సమాన వాటాలు, తలా లక్ష. వేరే మతాల వారికి వారి వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఆవిడ మంచిది కాబట్టి డబ్బు పడిన మర్నాడే కోడలి లక్ష కోడలికి ఇచ్చి, పాప లక్ష పాప పేరు మీద డిపాజిట్ చేసింది. ఇవ్వనని భీష్మించుకుని ఉంటే కోడలు కోర్టుకెక్కాల్సిందే, బ్యాంకు మాత్రం మధ్యలోకి రాదు.

రెండోది బీమా. ఇక్కడ లెక్క వేరు. 1984లో సుప్రీంకోర్టు బీమాలో కూడా నామినీ అందుకునే మనిషి మాత్రమే అంది. 2015లో చట్టం మారింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, వీళ్లలో ఎవరిని నామినీగా రాసినా ఆ డబ్బు మీద వాళ్లకే హక్కు అని కొత్త మాట చేర్చారు. ఆ మాటతో మిగతా వారసుల వాటా పూర్తిగా పోయినట్టేనా అన్న దాని మీద హైకోర్టులు ఒక్క తీరుగా చెప్పలేదు. ఆ అబ్బాయి పాలసీ 2017లో తీసుకున్నది. కంపెనీ అయిదు లక్షలూ తల్లి ఖాతాలో వేసింది. ఈ డబ్బులో కోడలు వాటా అడిగితే బ్యాంకు డబ్బులో అడిగినంత తేలిగ్గా తేలదు. అందుకే నన్నడిగితే, పెళ్లయ్యాక ముందుగా మార్చుకోవాల్సింది బీమా కాగితమే. భార్యకి సగం, తల్లికి సగం అని వాటాలు రాసుకోవచ్చు. కంపెనీ ఇచ్చే ఫారం నింపి, మార్పు నమోదైనట్టు వాళ్లు ఇచ్చే కాగితం పాలసీతో కలిపి దాచుకోవాలి.

ఇక మూడోది, పీఎఫ్. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

1952 నాటి పీఎఫ్ స్కీములో 61వ పేరా అని ఒకటుంది. పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుందని, పెళ్లయ్యాక కొత్తది రాసి తీరాలని అందులో ఉంది. ఎవరో రద్దు చేయాల్సిన పని లేదు, తాళి కట్టిన రోజునే అది పోయినట్టు. కంప్యూటరులో మాత్రం తల్లి పేరు అలాగే కనిపిస్తూ ఉంటుంది. చూసినవాళ్లు నామినీ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు. ఈ అబ్బాయీ అలాగే ఉన్నాడు, పాపం నాలుగేళ్లు.

నామినేషన్ చెల్లనప్పుడు డబ్బు కుటుంబ సభ్యులకి సమానంగా పంచాలి. పీఎఫ్ దృష్టిలో మగవాడి కుటుంబం అంటే భార్య, పిల్లలు, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులు. ఇక్కడ భార్య, పాప, తల్లి, కాబట్టి తలా లక్షా ఇరవై వేలు. పాప మైనరు కనక ఆ వాటా పాప తల్లి, అంటే కోడలి ద్వారా అందుతుంది. పీఎఫ్‌తో పాటు ఉద్యోగి పేరున ఒక బీమా కూడా ఉంటుంది, గరిష్ఠంగా ఏడు లక్షలు. అదీ ఇదే దారిలో నడుస్తుంది. పింఛను సంగతి వేరు. భార్య ఉంటే నామినీ ఎవరైనా పింఛను భార్యకే. మళ్లీ పెళ్లి చేసుకోనంత కాలం ఆమెకి, పాతికేళ్లు నిండేదాకా బిడ్డకి వస్తుంది.

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ నామినేషన్ చెల్లదు కాబట్టి కుటుంబంలో ఎవరెవరున్నారో రుజువు చూపమన్నారు. సచివాలయంలో అర్జీ పెట్టుకుని, తహసీల్దారు దగ్గర కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తెచ్చుకోవాలి. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ప్లాంటు వాళ్ల పాత ఫారంలో ఆ అబ్బాయి అమ్మ పేరు బుల్లెమ్మ అని రాశాడు. ఊరంతా అలాగే పిలుస్తుంది మరి. ఆధార్‌లో సత్యవతి. కోడలి ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంది, బ్యాంకు ఖాతాలో అత్తింటి ఇంటిపేరు. ఇద్దరూ ఆ మనుషులేనని నమ్మించడానికి అఫిడవిట్లు, మళ్లీ అర్జీలు. బ్యాంకులో వారం పట్టిన పని పీఎఫ్‌లో ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ కోడలు టైలరింగు మిషను తొక్కి ఇల్లు నడిపింది.

మన గోదావరి జిల్లాల్లో ముద్దుపేర్లు, పెళ్లితో మారే ఇంటిపేర్లు లేని ఇల్లుండదు. నామినీ పేరు రాసేటప్పుడు ఆధార్ కార్డు ముందు పెట్టుకుని, అందులో ఎలా ఉంటే అలా రాయండి, పొల్లు కూడా పోకుండా.

పీఎఫ్ నామినేషన్ ఇప్పుడు ఇంట్లో కూర్చునే మార్చుకోవచ్చు. మెంబరు పోర్టల్లో UAN నంబరుతో లోపలికి వెళ్లి, Manage అన్న చోట E-Nomination నొక్కాలి. ముందుగా మీ ఫొటో ప్రొఫైల్‌లో ఉండాలి. కుటుంబం ఉందా అని అడుగుతుంది. ఉందని చెప్పి ఒక్కొక్కరి పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, ఫొటో చేర్చాలి. తర్వాత ఎవరికి ఎంత శాతమో రాయాలి, మొత్తం వంద కావాలి. చాలామంది ఇంతవరకూ చేసి, సేవ్ చేసి, అయిపోయిందనుకుని లేచిపోతారు. అక్కడికి అవదు. చివర్లో e-Sign ఉంది. ఆధార్‌కి కలిపిన ఫోనుకి వచ్చే ఓటీపీ కొడితేనే సంతకం పడినట్టు. అది పడకపోతే మీరు రాసింది పెండింగులోనే ఉండిపోతుంది. ఆధార్‌కి ఇచ్చిన పాత సిమ్ము ఎక్కడో పోయి ఈ మెట్టు దగ్గర ఆగిపోయినవాళ్లు చాలామంది మా అరుగు ఎక్కారు. ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి ఫోను నంబరు మార్చుకుని రండి.

బిడ్డ పుడితే ఏమవుతుందని అడుగుతారు. భార్య పేరు మీద రాసిన నామినేషన్ బిడ్డ పుట్టినంత మాత్రాన పోదు. బిడ్డకీ వాటా ఉండాలనుకుంటే మాత్రం మళ్లీ రాయాలి. మీకంటే ముందే నామినీ పోతే ఆ పేరు ఉన్నా లేనట్టే, వాళ్ల పిల్లలకి అది దక్కదు. తల్లి పోయిన దినాలు గడిచాక ఆవిడ పేరు ఎక్కడెక్కడ నామినీగా ఉందో వెతకడం ఎవరికీ మనసొప్పని పనే. అయినా ఆ నెలలోనే వెతకాలి, ఎందుకంటే ఏడాది గడిస్తే ఆ కాగితాలు ఎవరికీ గుర్తుండవు.

బ్యాంకుల్లో ఈ మధ్య ఒక వెసులుబాటు వచ్చింది. 2025 నవంబర్ 1 నుంచి డిపాజిట్‌కి నలుగురి దాకా నామినీలను రాయొచ్చు. ఎవరికెంతో శాతాలు వేసి ఒకేసారి రాయొచ్చు, లేదా ఒకరు లేకపోతే తర్వాతి వారికి అని వరుసగా రాయొచ్చు. లాకరుకి మాత్రం వరుస పద్ధతి ఒక్కటే. సేవింగ్స్‌కి రాశాం కదా అని ఊరుకోకుండా ప్రతి డిపాజిట్ రసీదునీ విడిగా చూసుకోండి. నామినేషన్ నమోదైందన్న మాట పాస్‌బుక్కులో, రసీదు మీద వేసిస్తారు. అది కనబడకపోతే కౌంటరులో అడిగి వేయించుకోండి. వేలిముద్ర వేసేవారైతే ఫారం మీద ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి.

ఆ కోడలు కిందటి నెల మళ్లీ మా అరుగు మీదికి వచ్చింది. పీఎఫ్ డబ్బులో కొంత తన పేరున డిపాజిట్ చేసిందట, నామినీ ఫారం పట్టుకొచ్చింది. నామినీ చోట పాప పేరు రాసింది. మైనరు తరఫున డబ్బు అందుకునే మనిషి పేరు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆపి నా వంక చూసింది. ఎవరిని రాస్తావమ్మా అన్నాను. "ఇంకెవరండి, మా అత్తగారే" అని సంచిలోంచి ఆధార్ జిరాక్సు తీసి, చూసుకుంటూ ఒక్కో అక్షరమే రాసింది, సత్యవతి అని. పాపకి 2040లో పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఆ పైన ఆ గడితో పని ఉండదు. ఈలోగా అత్తగారికి ఏమైనా అయితే ఆ పేరు మార్చుకోవాలి. ఆ రెండు మాటలూ పాస్‌బుక్ అట్ట లోపల పెన్సిలుతో రాసిచ్చాను.

నమస్కారం.